దాటిన నెలకు తాళం

తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఒకటుంది. యజమాని నాకు చుట్టం కాదు గానీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన నన్ను ఆడిటర్ గారూ అంటాడు. నేను సీఏని కాను, పన్ను రిటర్నులు వేసిపెట్టేవాణ్ణి. మన ఊళ్లలో లెక్కలు ముట్టుకున్నవాడల్లా ఆడిటరే. ఆ దుకాణానికి బుధవారం, ఆదివారం సాయంత్రాలు ఒక కుర్రాడు వచ్చి రెండేసి గంటలు కూర్చుని ట్యాలీప్రైమ్‌లో బిల్లులు ఎక్కించి పోతాడు. మరో మూడు దుకాణాలు కూడా చూస్తాడు. చురుకైనవాడు, పైసా తేడా చేసే రకం కాదు. ఈ అధ్యాయం దొంగల గురించి కాదు కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

2024 జులై 23న ఒక కాంట్రాక్టరుకు 40 కాయిల్స్ వైరు అమ్మారు. కాయిల్ 2,500 చొప్పున లక్ష రూపాయలు. సీజీఎస్టీ 9,000, ఎస్‌జీఎస్టీ 9,000 కలిపి బిల్లు 1,18,000. ఆగస్టు 11 లోపు జీఎస్టీఆర్-1 వేశాం, 20 లోపు జీఎస్టీఆర్-3బీ వేసి పన్ను కట్టేశాం. సెప్టెంబరులో ఆ కాంట్రాక్టరు ఎనిమిది కాయిల్స్ వెనక్కి పంపాడు. ఆ ఆదివారం కుర్రాడికి తొందరగా ఉంది. కాంట్రాక్టరు ఖాతా తెరిచాడు, జులై బిల్లు మీద ఎంటర్ కొట్టాడు, 40 ఉన్నచోట 32 చేసి సేవ్ చేశాడు. బిల్లు 94,400 అయింది. కాంట్రాక్టరు బాకీ సరిపోయింది, గోడౌన్లో కాయిల్స్ లెక్క సరిపోయింది, ట్రయల్ బ్యాలెన్స్ కూడా కలిసింది. అడ్డం తిరిగిందల్లా ఒక్కటే. జులైకి మేము ప్రభుత్వానికి చూపించి కట్టిన పన్ను 18,000 అయితే, పుస్తకంలో ఇప్పుడది 14,400.

ఇది బయటపడింది 2025 డిసెంబరులో, వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9 కోసం పుస్తకాన్ని, పోర్టల్‌ని పక్కపక్కన పెట్టినప్పుడు. 3,600 తేడా ఎక్కడిదా అని రెండు రోజులు వెతికాను. సరుకు తిరిగొచ్చిన నెలలోనే క్రెడిట్ నోట్ వేసి ఉంటే, అంటే సెప్టెంబరు తేదీతో 20,000 మీద 3,600 పన్ను తగ్గిస్తూ ఒక్క కాగితం రాసి ఉంటే, ఆ నెల పన్నులోనే డబ్బు వెనక్కి వచ్చేది. ఆ ఆర్థిక సంవత్సరపు అమ్మకాలకు క్రెడిట్ నోట్ చూపించే గడువు 2025 నవంబరు 30తో అయిపోయింది. 3,600 పోయినట్టే. అంత పెద్ద సొమ్ము కాదు. కానీ ఇలాంటివి ఆ ఏడాదిలో ఇంకెన్ని ఉన్నాయో తేల్చడానికి నాకు పట్టిన సమయానికి వెల కడితే బాబాయ్ తలపట్టుకునేవాడు.

"వాడికి చెప్పలేదా, పాత బిల్లు ముట్టుకోవద్దని?" అన్నాడాయన.

చెప్పాం. రెండుసార్లు చెప్పాం. నోటితో చెప్పింది ఆదివారం రాత్రి తొమ్మిదింటికి గుర్తుండదు. అప్పటికి అడ్డుపడాల్సింది సాఫ్ట్‌వేరే. ఆ పని అది చేయలేదు, ఎందుకంటే ఎవరూ దానికి చెప్పలేదు.

ట్యాలీ స్వభావం ఒకటి ఇక్కడ అర్థం చేసుకోవాలి. పాత చిట్టా పుస్తకాల్లో మార్చి 31న గీత గీసి, సంతకం పెట్టి, కొత్త పుస్తకం తెరిచేవాళ్లు. ట్యాలీలో ఆ గీత దానంతటదే పడదు. నిరుటి ముగింపు నిల్వలు ఈ ఏటి ప్రారంభ నిల్వలుగా వాటంతటవే పారుతుంటాయి. నిరుడు ఫిబ్రవరిలో ఒక వోచర్ మారిస్తే ఈ ఏప్రిల్ ఒకటో తేదీ నిల్వ కూడా చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. రిటర్ను వేసేశాం, బ్యాంకుకి బ్యాలెన్స్ షీటు ఇచ్చేశాం అన్న సంగతి దానికి పట్టదు. పైగా చాలా దుకాణాల్లో పాస్‌వర్డే ఉండదు. ఐకాన్ మీద నొక్కగానే కంపెనీ తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్నచోట యజమానికి, గుమాస్తాకి, సెలవులకొచ్చిన మేనల్లుడికి ఒకటే అధికారం.

కాబట్టి మొదటి పని తాళం కాదు, పేర్లు. కంపెనీ వివరాల మార్పు తెరలో "Control User Access to Company Data" అని ఉంటుంది. దాన్ని Yes చేస్తే యజమాని పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ యజమాని తన చేత్తో పెట్టుకోవాలి. బాబాయ్ దుకాణంలో ఈ ఘట్టం సరదాగా నడిచింది. "బాబూ, నువ్వే ఏదో ఒకటి పెట్టి నాకు చెప్పు" అన్నాడు కుర్రాడితో. కుర్రాడు నా వైపు చూశాడు. నేను అతన్ని బయటికెళ్లి టీ తాగి రమ్మన్నాను. తాళం ఎవరి కోసం వేస్తున్నామో అతని చేతికే తాళంచెవి ఇస్తే ఇక మిగిలిన అధ్యాయం చదవక్కర్లేదు. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఇంట్లో బీరువాలో పెట్టించాను. మరచిపోతే తిరిగి తెచ్చుకోవడం తేలిక కాదు.

ఆ తర్వాత ఆల్ట్+K నొక్కితే వచ్చే కంపెనీ మెనూలో రెండు చోట్ల పని ఉంటుంది. ఒకటి "User Roles", రెండోది "Users and Passwords". రిలీజును బట్టి మెనూలో వీటి స్థానం కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ పని అదే. మొదటిదాంట్లో ఉద్యోగం తయారు చేస్తాం, రెండోదాంట్లో ఆ ఉద్యోగంలో మనిషిని కూర్చోబెడతాం. ట్యాలీ తనంతట తాను ఇచ్చే రెండు ఉద్యోగాల్లో "Data Entry" అనేది ఒకటి. చాలామంది కుర్రాణ్ణి అందులో పడేసి అయిపోయిందనుకుంటారు. అయిపోలేదు. దాని ఆధారంగా మన సొంత ఉద్యోగం ఒకటి తయారు చేసుకోవాలి. నేను దానికి "Part Time" అని పేరు పెట్టాను.

ఆ తెరలో మనకు కావలసిన గడులు రెండే. "Days allowed for Back Dated vouchers", "Cut-off date for Back Dated vouchers". మొదటిది రోజుల లెక్క. వెనక్కి ఎన్ని రోజుల వరకు వోచర్లు వేయనివ్వాలో అంకె రాస్తాం. రెండోది తేదీ. దానికి ముందరి వోచర్ల జోలికి పోనివ్వదు.

రోజుల లెక్క చూడ్డానికి హాయిగా ఉంటుంది, ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు కదా అని. నాకది నచ్చదు. ఆ కిటికీ మన రిటర్నుల కోసం ఆగదు, క్యాలెండరుతో పాటు తనంతట తానే జరిగిపోతుంది. ముప్పై రోజులు పెట్టామనుకోండి. ఆగస్టు 21న జులై రిటర్ను వేసేశాక కూడా జులై 22 నుంచి 31 దాకా తలుపు తెరిచే ఉంటుంది. మన జులై 23 బిల్లు అందులోనే పడింది చూడండి. సరే, పది రోజులు పెడదామా? అప్పుడు నెలాఖరు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందుపెట్టుకుని నెల మొదట్లో పడిన చార్జీలు రాయబోతే కుదరదు. వారానికి రెండు రోజులు వచ్చే మనిషికి అది నరకం. తేదీ గడి అలా కాదు. మనం జరిపితేనే జరుగుతుంది. నెలకోసారి జరపాలన్న బాధ ఉంది, నిజమే. ఆ బాధే దాని సుగుణం కూడా. రిటర్ను వేశామా లేదా అని నెలకోసారి యజమాని అడిగే సందర్భం అదొక్కటే.

ఇంతకీ తెరిచి ఉంచిన నెలలో కుర్రాడికి తన వోచర్లు దిద్దుకునే హక్కు ఉండాలా? ఈ ప్రశ్న మీద నాకూ నా దగ్గర చదువుకున్న ఒక సీఏకీ ఇప్పటికీ వాదనే. అతను వద్దంటాడు. ఒకసారి ఎక్కించాక యజమాని తప్ప ఇంకెవరూ మార్చకూడదంటాడు. పెద్ద ఆఫీసుల్లో అది సరే. చిన్న దుకాణంలో అలా బిగిస్తే, 5,400 బదులు 4,500 అని పడిన ప్రతిసారీ కుర్రాడు "బాబాయ్, పాస్‌వర్డ్" అంటాడు. మూడోసారికి బాబాయ్ దాన్ని మానిటరు అంచున చీటీ రాసి అంటిస్తాడు. ఇది ఊహ కాదు, వేరే ఊళ్లో ఒక మందుల షాపులో కళ్లారా చూశాను. అందుకే నడుస్తున్న నెలలో చేర్చడం, మార్చడం రెండూ ఇచ్చేస్తాను. తొలగించడం మాత్రం వద్దని చెప్తాను. ఆల్ట్+D కొడితే వోచర్ మాయమవుతుంది. బిల్లు నంబర్లు ఆటోమేటిక్‌లో ఉండి, మధ్యలో తీసేస్తే తిరిగి నంబర్లు వేసుకునేలా పెట్టి ఉంటే, దాని తర్వాతి బిల్లులన్నీ ఒక్కో నంబరు వెనక్కి జరుగుతాయి. కొనుగోలుదారుడి చేతిలో కాగితం మీద 118, మన పుస్తకంలో 117. బిల్లు పనికిరాకపోతే ఆల్ట్+Xతో రద్దు చేయాలి, నంబరు అలాగే నిలబడుతుంది. సేల్స్ వోచర్ టైపులో పాత నంబర్లనే నిలిపి ఉంచే ఎంపిక ఉంది, ముందు దాన్ని పెట్టించాను.

ఇక అసలు దొడ్డిదారి. వోచర్లకు తాళం వేశాం కదా, పాత ఏడాది భద్రం అనుకుంటే పొరపాటు. వోచర్ ముట్టుకోకుండానే నిరుటి లాభం మార్చవచ్చు. దుకాణం రిపేర్లని ఒక లెడ్జరు ఉంది, నిరుడు అందులో 45,000 ఖర్చు రాశారనుకోండి. అది పరోక్ష ఖర్చుల గ్రూపులో ఉంటుంది. ఎవరో ఈ ఏడు దాన్ని తెరిచి, గ్రూపు మార్చి స్థిరాస్తుల కింద పెడతారు. తేదీతో పని లేదు, తాళం అడ్డుపడదు. నిరుటి లాభనష్టాల పట్టీలో లాభం ఒక్కసారిగా 45,000 పెరిగి కూర్చుంటుంది. ఇన్‌కంటాక్స్ రిటర్నులో చూపిన అంకె వేరు, ట్యాలీలో కనిపించే అంకె వేరు. లెడ్జరులోని ప్రారంభ నిల్వ మార్చినా ఇలాంటి తంటాయే. దానికైతే ఒక ఆనవాలు ఉంటుంది. ట్రయల్ బ్యాలెన్సులో "Difference in opening balances" అనే వరస కనిపిస్తుంది. ఆ వరస మీకు కనబడిందంటే ఎవరో మాస్టరులో చెయ్యి పెట్టారని అర్థం. గ్రూపు మార్పుకు ఆ ఆనవాలు కూడా ఉండదు.

అందుకని "Part Time" ఉద్యోగంలో కాదన్న సౌకర్యాల వైపు, ఖాతాల మాస్టర్లకూ సరుకుల మాస్టర్లకూ Alter పెట్టాను. Create మాత్రం ఆపలేదు. కొత్త కస్టమరు వస్తే లెడ్జరు తెరుచుకోవాలి కదా, దానికి కూడా బాబాయ్‌ని లేపితే ఎలా? ఫోన్ నంబరు తప్పు పడినా దిద్దుకోలేకపోతున్నానని కుర్రాడు నసిగాడు. నిజమే, ఇబ్బందే. అలాంటివి ఒక కాగితం మీద రాసిపెడతాడు, నెలాఖరున బాబాయ్ లాగిన్‌తో నేను దిద్దుతాను.

ఇవన్నీ పెట్టాక "Users and Passwords"లో కుర్రాడి పేరు ఈ ఉద్యోగానికి ఎదురుగా రాసి, అతని పాస్‌వర్డ్ అతన్నే పెట్టుకోమన్నాను. ఇది కూడా ముఖ్యమే. యజమానికి గుమాస్తా పాస్‌వర్డ్ తెలిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు "నేను చేయలేదు, ఆయనే నా పేరుతో చేశాడు" అనడానికి చోటుంటుంది.

పరీక్షించకుండా వదిలిన తాళాన్ని నేను నమ్మను. బాబాయ్ లాగిన్‌లోంచి బయటికొచ్చి, కుర్రాడి పేరుతో లోపలికెళ్లాం. కటాఫ్ 30 నవంబరు పెట్టాం. ముందు పాత జులై బిల్లు తెరిచి, వివరణ గడిలో ఒక చుక్క చేర్చి సేవ్ చేయబోయాం. ఒప్పుకోకూడదు, ఒప్పుకోలేదు. తర్వాత నవంబరు 30 తేదీతో ఒక రూపాయి జర్నల్, డిసెంబరు 1 తేదీతో ఇంకో రూపాయి జర్నల్. ఈ రెండూ ఎందుకంటే మనం రాసిన తేదీ తాళం లోపలుందో బయటుందో కళ్లతో చూసుకోవాలి. ఆ ఒక్కరోజులోనే నెలాఖరు అమ్మకాలు కుప్పగా ఉంటాయి. నవంబరు 30ది పడితే కటాఫ్‌ని ఒకరోజు ముందుకు జరిపితే సరిపోతుంది. పడిన రూపాయి వోచర్లు బాబాయ్ లాగిన్‌లోంచి తీసేశాం. మళ్లీ కుర్రాడి లాగిన్‌లోంచి ఒక లెడ్జరు గ్రూపు మార్చబోయాం. ఆ తర్వాత కుర్రాడి లాగిన్‌లోంచి కంపెనీ వివరాల మార్పుకూ, యూజర్ల జాబితాకూ దారి ఉందేమో చూశాం. అవి తెరుచుకుంటే కటాఫ్ తేదీని అతనే వెనక్కి జరుపుకోగలడు. మొత్తం పది నిమిషాల పని. కొత్త రిలీజుకి మారినప్పుడల్లా ఇదే పది నిమిషాలు మళ్లీ పెడతాను.

తేదీ ఎప్పుడు జరపాలన్నది రిటర్నులతో ముడిపడి ఉంటుంది. నెలనెలా వేసేవాళ్లకు 20న 3బీ వేసి, చలానా కట్టి, పుస్తకంలో ఆ నెల పన్ను పోర్టల్ అంకెతో పైసాతో సహా కలిసిందని చూసుకున్నాక, 21న. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకు మన రెండు రాష్ట్రాల్లో 3బీ గడువు 22, కాబట్టి మూడు నెలలకోసారి 23న జరిపితే చాలు. అంకె కలవకుండా జరపకూడదు. తప్పుని లోపల పెట్టి తాళం వేసినట్టవుతుంది.

తాళం వేశాక కూడా పాత నెల తప్పులు బయటపడుతూనే ఉంటాయి. అవి ఆగవు. సరుకు తిరిగొస్తే ఈ నెల తేదీతో క్రెడిట్ నోట్, ఆల్ట్+F6. ఖర్చు మరచిపోతే ఈ నెల జర్నల్, వివరణలో ఏ నెలదో రాయాలి. ఇలా ముందుకు దిద్దడం అలవాటైతే, నిజంగా పాత నెల తెరవాల్సిన అవసరం ఏడాదికి రెండు మూడుసార్లు మించి రాదు. ఆడిట్ తర్వాత తరుగుదల ఎంట్రీలు లాంటివి. అవి మార్చి తేదీతోనే పడాలి. అప్పుడు యజమాని తన లాగిన్‌తో తానే వేయాలి, లేదా పక్కన కూర్చుని వేయించాలి. కుర్రాడి కటాఫ్‌ని వెనక్కి జరిపి "పని కాగానే మళ్లీ పెడదాం" అనుకోవద్దు. మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. బాబాయ్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టించాను. తేదీ, ఏ వోచర్, ఎందుకు, అంతే.

ఈ తాళం దేన్ని ఆపలేదో కూడా తెలిసి ఉండాలి. ట్యాలీ లోపలి దారులకే దాని కాపలా. డేటా ఫోల్డరు విండోస్‌లో ఉంటుంది. కంప్యూటరు చేతిలో ఉన్నవాడు పాత బ్యాకప్‌ని ఇప్పటి డేటా మీద రీస్టోర్ చేస్తే, మధ్యలో రాసినవన్నీ పోతాయి. చాలాసార్లు ఇది పొరపాటునే జరుగుతుంది. ఇంకోటి, యజమాని లాగిన్‌కి ఈ కటాఫ్ వర్తించదు. ఆయన ఆ లాగిన్‌తోనే రోజూ బిల్లులు కొడుతుంటే పాత నెల ఆయన చేతిలోనే చెడిపోవచ్చు. బాబాయ్‌కి కూడా రోజువారీ పనికి వేరే పేరు పెట్టాం, ఆయన అలిగాడు గానీ ఒప్పుకున్నాడు.

అందుకే ప్రతి 21న తేదీ జరిపే ముందు పెన్‌డ్రైవులో బ్యాకప్ ఒకటి తీసి ఇంటికి పంపుతాం. కటాఫ్ తేదీ నాటి ట్రయల్ బ్యాలెన్స్ లెడ్జర్లవారీగా ప్రింటు తీసి, బాబాయ్ సంతకం పెట్టి ఫైల్లో పెడతాడు. వచ్చే నెల అదే తేదీకి మళ్లీ తెర మీద తెరిచి పక్కన పెట్టి చూస్తాను. కింద మొత్తం కలిసిందని సంతోషపడితే లాభం లేదు. 40 కాయిల్స్‌ని 32 చేసినప్పుడు కూడా రెండు వైపులా మొత్తం కలిసే ఉంది. వరస వరస చూడాలి, ముఖ్యంగా బాకీదారులు, పన్ను లెడ్జర్లు. కాగితం మీద పన్ను లెడ్జరు 18,000, తెర మీద 14,400 అని ఆ సెప్టెంబరు దాటగానే చూసి ఉంటే, బాబాయ్ డబ్బు వెనక్కి రావడానికి మాకింకా ఏడాది పైన గడువుండేది.

తేడా కనిపించాక ఎవరు, ఎప్పుడు మార్చారో చెప్పేది ఎడిట్ లాగ్. ట్యాలీప్రైమ్ 2.1 నుంచి ఉంది. మామూలు ట్యాలీప్రైమ్‌లో దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి, ఆఫ్ కూడా చేసుకోవచ్చు. ఆఫ్ చేయడానికి వీల్లేని ట్యాలీప్రైమ్ ఎడిట్ లాగ్ అనే రకం వేరే ఉంది. మీ వ్యాపారం ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి మార్పుల జాడ ఉంచే సాఫ్ట్‌వేరు కంపెనీల చట్టం కింద తప్పనిసరి. సొంత పేరు మీద నడిచే దుకాణానికి ఆ నిర్బంధం లేదు. అయినా బాబాయ్ దుకాణంలో ఆన్ చేశాను. లాగ్ తప్పుని ఆపదు, చెప్తుంది. అంతకంటే ఎక్కువ ఆశించవద్దు. అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్లే చోట అదీ చెప్పదు.

కుర్రాడు నొచ్చుకుంటాడేమోనని బాబాయ్ భయపడ్డాడు. రెండు నెలలయ్యాక ఒక బుధవారం అతనే నాకు ఫోన్ చేశాడు. "సార్, మిగతా మూడు షాపుల్లో కూడా ఆ డేట్ పెట్టిస్తారా? అక్కడ ఓనర్లు పాత బిల్లులు మార్చి, అడిగితే నేనే మార్చానంటున్నారు."

వచ్చే ఆదివారం ఒకచోటికి వెళ్తున్నాం. ఆ ఓనరు పాస్‌వర్డ్ తానే పెట్టుకుంటానని మాటిచ్చాడు.